కారులో నల్లబడని కళ్లద్దాలు

కళ్లద్దాల షాపులో రంగు మారే లెన్సును ఎలా చూపిస్తారో కొన్నవాళ్లందరికీ తెలుసు. కౌంటర్ వెనక ఉన్నాయన ఊదారంగు కాంతి వచ్చే చిన్న టార్చి తీసి, తెల్లటి లెన్సు మీద కొద్దిసేపు వేస్తాడు. టార్చి తీయగానే ఆ వెలుగు పడినంత మేర బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది. కళ్లముందే జరిగిన మార్పు కాబట్టి నమ్మకం కుదురుతుంది. ఇంట్లో మామూలు అద్దాలు, ఎండలో కూలింగ్ గ్లాసులు, రెండూ ఒక్క జతలోనే అయిపోతాయని డబ్బు కట్టి తెచ్చుకుంటాం. నడిచి వెళ్లేటప్పుడు అవి చెప్పినట్టే పనిచేస్తాయి. కారెక్కి స్టీరింగ్ పట్టుకున్నాక, ఎదురెండ కళ్లలోకి కొడుతున్నా లెన్సు మాత్రం దాదాపు తెల్లగానే ఉండిపోతుంది.

చాలామంది దీన్ని నాసిరకం సరుకు అనుకుని షాపుకు వెనక్కి తీసుకెళ్తారు. షాపాయన మళ్లీ అదే టార్చి వేస్తాడు, లెన్సు మళ్లీ నల్లబడుతుంది, గొడవ అక్కడితో ఆగిపోతుంది. నిజానికి లెన్సులో లోపం లేదు. ఆ టార్చిలో ఉండి కారులో లేనిది ఒకటుంది. అది అతినీలలోహిత కాంతి, వాడుకలో యూవీ. కొనేముందు ఈ సంగతి చెప్పే షాపులు తక్కువ. కారు నడిపేవాళ్లకు తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఇదే.

ఈ తరహా లెన్సులు మొదట గాజుతోనే వచ్చాయి. అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో స్టూకీ, ఆర్మిస్టెడ్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో, గాజులో కంటికి కనిపించనంత చిన్న వెండి లవణపు కణాలు కలిపి వాటిని తయారుచేశారు. ఇప్పుడు మనం వాడేవి దాదాపు అన్నీ ప్లాస్టిక్ లెన్సులు. వీటిలో వెండి బదులు నాఫ్తోపైరాన్ల వంటి కర్బన రంగుపదార్థాలు వాడతారు. ఈ పదార్థపు అణువు మామూలుగా ముడుచుకుని ఉంటుంది. అలా ఉన్నప్పుడు కంటికి కనిపించే వెలుగును అడ్డుకోదు కాబట్టి లెన్సు తెల్లగా ఉంటుంది. యూవీ తగలగానే అణువులోని ఒక బంధం తెగి, అది గొడుగులా విచ్చుకుంటుంది. విచ్చుకున్నాక వెలుగును పీల్చుకోవడం మొదలుపెడుతుంది. లెన్సులో ఇలాంటివి కోటానుకోట్లు విచ్చుకుంటే మనకు నలుపు కనిపిస్తుంది.

అయితే విచ్చుకున్న అణువు అలాగే ఉండిపోదు. చుట్టూ ఉన్న వేడి దాన్ని ఎప్పటికప్పుడు మూసేస్తూ ఉంటుంది. యూవీ తెరుస్తుంటుంది, వేడి మూస్తుంటుంది. ఏ క్షణాన చూసినా లెన్సు ఎంత నల్లగా ఉందన్నది ఈ రెండిటిలో ఏది ఎంత గట్టిగా పనిచేస్తోందన్నదాని మీదే ఆధారపడుతుంది. ఇక్కడ గమనించాల్సింది, మామూలు వెలుగుకు ఈ లెక్కలో పెద్దగా చోటు లేదు. ఎంత జిగేలుమనే వెలుగైనా, అందులో యూవీ లేకపోతే గొడుగు తెరుచుకోదు.

ఇప్పుడు కారు ముందు అద్దం సంగతి చూద్దాం. అది ఒక్క పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొరను వేడితో, ఒత్తిడితో అతికించి చేసిన లామినేటెడ్ అద్దం. రాయి తగిలితే అద్దం సాలెగూడులా పగులుతుందే గాని ముక్కలై ముఖాన పడకపోవడానికి కారణం ఆ పొరే. దాని మందం సుమారు 0.76 మిల్లీమీటర్లు. ఆ పొర ఇంకో పని కూడా చేస్తుంది. కంటికి కనిపించే వెలుగును బాగానే లోపలికి వదులుతూ, సుమారు 380 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను, అంటే యూవీలో దాదాపు అంతటినీ, మింగేస్తుంది. రంగు మారే లెన్సును తెరిచేది సరిగ్గా ఆ భాగమే. డ్రైవర్ ముఖం మీద వెలుగు పుష్కలంగా పడుతుంది గాని, లెన్సుకు కావాల్సిన కిరణం మాత్రం అద్దం దగ్గరే ఆగిపోతుంది.

పక్క అద్దాల కథ వేరు. చాలా కార్లలో అవి లామినేటెడ్ కావు, ఒక్క పలకగా ఉండే టఫెన్డ్ గాజు. అమెరికాలో ఒక కంటి వైద్యుడు 15 కంపెనీల 29 కార్లను కొలిచి 2016లో ఫలితాలు ప్రచురించారు. ముందు అద్దాలు యూవీ-ఏ కిరణాలను సగటున 96 శాతం ఆపాయి, అన్ని కార్లలోనూ ఇంచుమించు అంతే. డ్రైవర్ పక్క అద్దాలు మాత్రం సగటున 71 శాతమే ఆపాయి. అదీ ఒక కారులో 44 శాతం, ఇంకో కారులో 96 శాతం. అందుకే ఒకే జత కళ్లద్దాలు ఒకరి కారులో కాస్త మబ్బుగా మారితే, మరొకరి కారులో అసలు కదలవు. మన దగ్గర డ్రైవర్ కూర్చునేది కుడివైపు కాబట్టి, ఆ కిటికీ దించి ఎండలో నడిపితే ఇంకో వింత కూడా కనిపిస్తుంది. కుడికంటి లెన్సు ఎడమదానికంటే ఒక పాలు ముదురుగా మారుతుంది. కళ్లద్దాలు తీసి తెల్లకాగితం మీద పెడితే ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ముందు అద్దం ఒక్కటే కారణమైతే ఇంత ఇబ్బంది ఉండేది కాదేమో. మా బావగారు వనస్థలిపురంలో ఉంటారు, పనిమీద వారానికి రెండుసార్లు సూర్యాపేట వెళ్లొస్తారు. ఏభై దాటిన మనిషి, దూరపు చూపుకు మైనస్ పవర్ ఉంది, దగ్గర చూపు కోసం ప్రోగ్రెసివ్ లెన్సు వాడతారు. విజయవాడ హైవే ఆ మేర తూర్పుకు, కాస్త ఆగ్నేయంగా సాగుతుంది. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు కాబట్టి, పొద్దున్నే బయల్దేరితే పంతంగి టోల్‌గేట్ దాటేదాకా ఎండ ఎదురుగానే ఉంటుంది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మళ్లీ అంతే, పడమటి సూర్యుడు నేరుగా కళ్లలోకి. ఆయన కొన్న రంగు మారే లెన్సు ఆ రెండు వేళల్లోనూ చేతులెత్తేసింది.

పొద్దున, సాయంత్రం సూర్యుడు కిందికి ఉన్నప్పుడు, వెలుగు నడినెత్తి ఎండలా నేరుగా రాకుండా చాలా మందమైన గాలి పొరను ఏటవాలుగా దాటి రావాలి. ఆ దారిలో పొట్టి తరంగాలు ఎక్కువగా చెదిరిపోతాయి. కంటికి కనిపించే వెలుగు కంటే యూవీ ఎన్నోరెట్లు ఎక్కువగా తగ్గిపోతుంది. అంటే కళ్లు జిగేలుమనే ఆ వేళల్లో, కారు దిగి రోడ్డు మీద నిలబడ్డా ఈ లెన్సు మధ్యాహ్నం ఉన్నంత నల్లగా మారదు. కారులో కూర్చుంటే మిగిలిన ఆ కాస్త యూవీని కూడా ముందు అద్దం తినేస్తుంది.

మధ్యాహ్నం యూవీ దండిగా ఉంటుంది గాని అప్పుడు వేడి అడ్డుపడుతుంది. ఈ లెన్సులను ప్రయోగశాలలో పరీక్షించే ప్రామాణిక ఉష్ణోగ్రత 23 డిగ్రీలు. సూర్యాపేటలో మే నెల ఎండ 42, 43 డిగ్రీలకు చేరితే, తెరుచుకున్న అణువులను వేడి అంతే జోరుగా మూసేస్తుంటుంది. అదే లెన్సు జనవరి ఎండలో ముదురుగా ఉండి, మే ఎండలో లేతగా కనిపించడానికి కారణం ఇదే. కంపెనీల ప్రకటనల్లో కనిపించే నలుపు చల్లటి దేశాల నలుపని నా అభిప్రాయం. మన ఎండాకాలంలో, కారు బయట కూడా, అంత ఆశించకూడదు.

ఇదంతా ఎవరికి వాళ్లు చూసి తెలుసుకోవచ్చు. ఎండలో ఆపిన కారు దగ్గరికి పదకొండు గంటల వేళ వెళ్లండి. లెన్సు సగానికి అడ్డంగా చిన్న కాగితం ముక్క టేపుతో అంటించి, కళ్లద్దాలను బానెట్ మీద, వేడి తగలకుండా మడిచిన తువ్వాలు వేసి, దాని మీద పెట్టండి. ఐదు నిమిషాల తర్వాత కాగితం పీకితే, కప్పిన భాగం తెల్లగా, మిగతాది నల్లగా, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. లెన్సు మళ్లీ తెల్లబడ్డాక కాగితం అంటించి, ఈసారి లోపల డ్రైవర్ సీటులో కూర్చుని, ఎండ పడేలా ముందు అద్దం వెనక చేత్తో పట్టుకోండి. తలుపులు, కిటికీలు మూసే ఉండాలి. ఈసారి ఆ గీత కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. షాపులో టార్చి పరీక్ష కంటే కారు నడిపేవాళ్లకు ఈ పరీక్షే పనికొస్తుంది.

మరి మామూలు వెలుగుకే రంగు మారేలా లెన్సు చేయొచ్చు కదా అని అడుగుతారు. అలాంటివి ఉన్నాయి. ట్రాన్సిషన్స్ వాళ్ల ఎక్స్‌ట్రాక్టివ్ రకం యూవీతో పాటు కనిపించే వెలుగులో కొంత భాగానికి కూడా స్పందిస్తుంది, కారులో ఓ మాదిరిగా రంగెక్కుతుంది. దానికి రెండు పరిమితులున్నాయి. ముందు అద్దం వెనక అది ఎక్కే రంగు ఎదురెండకు సరిపడే కూలింగ్ గ్లాసంత ముదురు కాదు. పైగా, కనిపించే వెలుగుకు స్పందించేదేదైనా ఇంట్లో దీపాల వెలుగులో కూడా కాస్త స్పందిస్తుంది, అందువల్ల లోపల పూర్తి తెలుపు రాదు. మామూలు రంగు మారే లెన్సుల తయారీదారులు యూవీనే ఎంచుకున్నది ఈ ఇబ్బంది లేకుండా ఉండటానికే. కళ్లకు కొద్దిపాటి వెలుగు ఎక్కువైతేనే తట్టుకోలేనివాళ్లకు, ఊళ్లోనే కాస్త దూరాలు నడిపేవాళ్లకు ఈ రకం బాగుంటుంది. బావగారి హైవే ప్రయాణానికి చాలదు.

ప్రత్యేకంగా డ్రైవింగ్ కోసమే చేసిన డ్రైవ్‌వేర్ అనే లెన్సు ఇంకొకటి ఉంది. అందులో పోలరైజ్డ్ పొర, రంగు మారే పదార్థం రెండూ కలిపారు. మబ్బు పట్టినప్పుడు పసుపు కలిసిన ఆకుపచ్చగా, కారులో ఎండకు రాగిరంగులో, బయట ఎండలో ముదురు గోధుమగా ఉంటుంది. పగటి డ్రైవింగ్‌కు చక్కటి లెన్సే. కానీ ఎప్పుడూ పూర్తిగా తెల్లబడదు కాబట్టి రాత్రికి పనికిరాదు, ఇంకో జత ఎలాగూ కావాల్సిందే.

ఆ ఇంకో జత దగ్గరికే నేను రావాలనుకున్నది. ఒకే లెన్సుతో ఇల్లు, వీధి, కారు మూడూ గడిచిపోవాలన్న కోరికే అసలు చిక్కు. కారు నడిపేవాళ్లు రెండు జతలు పెట్టుకోవాలి. ఒకటి, తమ పవర్‌తో చేయించిన, రంగు మారని, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు. రెండోది, రంగు లేని మామూలు కళ్లద్దాలు, యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్‌తో. ఇప్పటికే రంగు మారే లెన్సులు ఉన్నవాళ్లు వాటిని పారేయనక్కర్లేదు, బాగా తెల్లబడేవైతే ఆ రెండో జత స్థానంలో అవే పనికొస్తాయి.

కూలింగ్ గ్లాసు ఎంత ముదురుగా ఉండాలన్నదానికి ఒక కొలమానం ఉంది. సున్నా నుంచి నాలుగు దాకా ఐదు తరగతులు. మంచి కంపెనీలు ఫ్రేము కాడ లోపలివైపో, వెంట ఇచ్చే కాగితం మీదో ఆ అంకె వేస్తాయి. రెండో తరగతి లెన్సు 18 నుంచి 43 శాతం వెలుగును వదులుతుంది, మూడోది 8 నుంచి 18 శాతం. నాలుగోది 8 శాతం కంటే తక్కువ వదులుతుంది, మంచుకొండల మీదికి వెళ్లేవాళ్ల కోసం చేసింది. దాన్ని పెట్టుకుని బండి నడపకూడదని ఆ ప్రమాణమే చెబుతుంది.

కారులో ఈ అంకెను ముందు అద్దంతో కలిపి చూడాలి. మన మోటారు వాహన నిబంధనల ప్రకారం ముందు అద్దం కనీసం 70 శాతం వెలుగును వదలాలి. 75 శాతం వదులుతుందనుకుందాం. దాని వెనక 85 శాతం వదిలే తెల్ల లెన్సు ఉంటే, కంటికి చేరేది 64 శాతం. బావగారి లెన్సు కారులో చేస్తున్నది ఇంతే. 25 శాతం వదిలే రెండో తరగతి లెన్సు పెడితే 19 శాతం, 15 శాతం వదిలే మూడో తరగతి అయితే 11 శాతం చేరుతుంది. ఎదురెండలో గంటలకొద్దీ నడిపేవాళ్లకు ఈ మూడో తరగతి సరిపోతుంది. చెట్ల నీడలు, ఫ్లైఓవర్ల కింద చీకటి, మళ్లీ ఎండ, ఇలా మారిపోయే ఊరి రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్లకు రెండో తరగతే మేలు. పైన ముదురుగా, కిందికి వచ్చేసరికి లేతగా ఉండే గ్రేడియెంట్ లెన్సు కూడా డ్రైవింగ్‌కు హాయిగా ఉంటుంది, ఎండను ఆపుతుంది, స్పీడోమీటర్‌ను చీకటి చేయదు.

రంగు విషయంలో బూడిద, గోధుమ, లేదా బూడిద కలిసిన ఆకుపచ్చ ఎంచుకుంటే సిగ్నల్ రంగులు మారవు. ముదురు నీలం, ఎరుపు, ఫ్యాషన్ కోసం చేసే ఊదా లెన్సులు కారులో వద్దు.

పోలరైజ్డ్ ఎందుకన్నది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నలుపు ఒక్కటే ఉంటే చాలదు. తడి రోడ్డు మీద, ముందు కారు వెనక అద్దం మీద, బానెట్ మీద పడి తిరిగొచ్చే వెలుగులో ఎక్కువ భాగం అడ్డంగా కంపించే తరంగాలే. కంట్లో పొడిచినట్టుండేది అదే. పోలరైజ్డ్ లెన్సులోని పొర నిలువు తరంగాలనే వదిలి, అడ్డం వాటిని ఆపుతుంది. ఫలితంగా దృశ్యం మొత్తాన్ని చీకటి చేయకుండానే ఆ మెరుపు తగ్గుతుంది. కొన్ని కార్లలో లేతరంగు డాష్‌బోర్డు నీడ ముందు అద్దంలో పడి రోడ్డు మీద ముసుగులా కనిపిస్తుంటుంది. ఈ లెన్సు పెట్టుకుంటే ఆ ముసుగు చాలావరకు పల్చబడుతుంది. షాపులో కౌంటర్ గాజు మీద పడ్డ ట్యూబ్‌లైట్ నీడను ఏటవాలుగా, లెన్సులోంచి చూస్తూ లెన్సును తిప్పండి. ఒక స్థితిలో ఆ నీడ మసకబారి, తొంభై డిగ్రీలు తిప్పితే మళ్లీ వెలగాలి. మార్పు లేకపోతే అది వట్టి రంగు లెన్సు.

దీనివల్ల వచ్చే చిక్కు కూడా ఒకటి ఉంది. ఫోన్, కారు మీటర్లలోని ఎల్‌సీడీ తెరల వెలుగు కూడా పోలరైజ్డే. ఏదో ఒక కోణంలో తెర నల్లగా కనిపించవచ్చు. మ్యాప్ చూడటానికి ఫోన్‌ను హోల్డర్‌లో అడ్డంగా పెట్టేవాళ్లు, ఆర్డర్ ఇచ్చేముందే షాపులోని పోలరైజ్డ్ గ్లాసులు పెట్టుకుని తమ ఫోన్‌ను నిలువుగా, అడ్డంగా తిప్పి చూసుకోవాలి. వీలైతే కారు మీటర్‌ను కూడా చూడాలి. పక్క, వెనక టఫెన్డ్ అద్దాల మీద మచ్చలు మచ్చలుగా నీడలు కనిపిస్తే కంగారు పడొద్దు, అవి గాజును వేడిచేసి చల్లబరిచినప్పుడు దానిలో మిగిలిపోయిన ఒత్తిడి గుర్తులు.

బావగారికి చివరికి రాయించింది ఇది. తన ప్రోగ్రెసివ్ పవర్‌తోనే, గోధుమరంగు, మూడో తరగతి పోలరైజ్డ్ లెన్సు, కంటివైపు ఉండే లోపలి ముఖానికి యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్. లోపలి ముఖానికి ఎందుకంటే, ముదురు లెన్సు వెనకవైపు అద్దంలా పనిచేస్తుంది, కుడి కిటికీలోంచి వెనకగా వచ్చిన ఎండ దాని మీద పడి తిరిగి కంట్లోకే వస్తుంది. ఫ్రేము మాత్రం మరీ ముఖానికి చుట్టుకున్నట్టు వంపు తిరిగినది వద్దన్నాను, ప్రోగ్రెసివ్‌లో అంచుల దగ్గర చూపు వంకర్లు పోతుంది. ఇంత ఖర్చు వద్దనుకునేవాళ్లకు, ఉన్న కళ్లద్దాలకే తగిలించుకునే పోలరైజ్డ్ క్లిప్పులు, అయస్కాంతంతో అంటుకునేవి కూడా ఉన్నాయి. పొద్దుగూకగానే ఒక్క చేత్తో తీసేయొచ్చు కాబట్టి ట్యాక్సీ నడిపేవాళ్లకు అవే ఎక్కువ సౌకర్యం.

తీసేయడం ముఖ్యం. వెలుగును 75 శాతం కంటే తక్కువ వదిలే ఏ లెన్సూ మసక వేళకూ, రాత్రికీ డ్రైవింగ్‌కు పనికిరాదని ప్రమాణాల్లో రాసి ఉంది. టీ తాగడానికి దిగి ఎండలో నిలబడి రంగెక్కిన ఫోటోక్రోమిక్ లెన్సు కూడా వెంటనే తెల్లబడదు, బాగా తెల్లబడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. సాయంత్రం వేళ ఈ ఆలస్యాన్ని గుర్తుంచుకోవాలి.

రాత్రి ఎదురు హెడ్‌లైట్ల బాధకు పసుపు రంగు నైట్ డ్రైవింగ్ అద్దాలు అమ్ముతుంటారు. బోస్టన్‌లోని షెపెన్స్ కంటి పరిశోధన సంస్థ వాళ్లు డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో పరీక్షించి 2019లో ప్రచురించారు. ఎదురు లైట్ల వెలుగులో రోడ్డు మీది పాదచారిని గుర్తించడంలో ఆ పసుపు అద్దాలు ఏమాత్రం సాయపడలేదు. వాటికి పెట్టే డబ్బు తెల్ల లెన్సుకు మంచి కోటింగ్ వేయించడానికి పెట్టండి. కోటింగ్ లేని మామూలు ప్లాస్టిక్ లెన్సు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుగును తిప్పికొడుతుంది, పల్చటి 1.67 లెన్సు 6 శాతం పైనే. హెడ్‌లైట్ పక్కన దెయ్యంలా కనిపించే రెండో లైటు ఆ తిరుగు వెలుగే. కోటింగ్ ఉన్నా లైట్ల చుట్టూ వలయాలు రోజురోజుకూ పెరుగుతుంటే అది లెన్సు సమస్య కాకపోవచ్చు, కంట్లో శుక్లం మొదలైందేమో డాక్టరు చూడాలి.

ఇదంతా కారులో కూర్చున్నవాళ్ల మాట. ఆటోల్లో పక్కలు తెరిచే ఉంటాయి, లారీ డ్రైవర్లు కిటికీలు దించి నడుపుతారు కాబట్టి వాళ్ల లెన్సు కొంత రంగెక్కుతుంది. బైకు మీద వైజర్ ఎత్తి నడిపితే ఫోటోక్రోమిక్ బాగానే పనిచేస్తుంది. వైజర్ దించితే మాత్రం కారు కథే పునరావృతమవుతుంది, ఎందుకంటే వైజర్లు చేసే పాలీకార్బొనేట్ కూడా యూవీని ఆపేస్తుంది.

కొన్న కూలింగ్ గ్లాసులను డాష్‌బోర్డు మీద వదిలేయకండి. ఎండలో ఆపిన కారులో అది 70 డిగ్రీలు దాటి కాలుతుంది. ప్లాస్టిక్ లెన్సు సాగినంతగా దాని మీది కోటింగ్ సాగలేక, సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు పడతాయి. అవి తుడిస్తే పోవు, ఎదురెండలో మసకలా కనిపిస్తాయి. గట్టి డబ్బాలో పెట్టి, వెంట తీసుకెళ్లడమో, సీట్ల మధ్య ఉండే మూత పెట్టె అడుగున ఉంచడమో చేయండి. తెల్ల జత కూడా అక్కడే ఉంటే, పొద్దుగూకినప్పుడు బండి పక్కకు ఆపి మార్చుకోవడం తేలిక.